ఈ ఏరంటే ఏ ఏరు?

తహసీన్ కత్తెర తీసిందంటే ఇంట్లో ఫ్యాన్ ఆపేయాల్సిందే. వాన పడీ పడక ఏలూరంతా ఉడికిపోతున్న రోజైనా సరే, మినహాయింపు లేదు. ఆమె కత్తిరించేది కాగితం. ఒక్కో వాక్యం ఒక్కో ముక్క. గాలి తగిలిందంటే మంచం కింద ఒకటి, బీరువా వెనక ఒకటి వెతుక్కోవాలి.

"ఫ్యాన్లు బాగుచేసేవాడి ఇంట్లో ఫ్యాన్ ఆపుకుని కూర్చోవడం! బయట చెప్పకు, బేరాలు పోతాయి," అన్నాడు అర్షద్, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. పవర్‌పేటలో అతనిది మిక్సీలు, ఫ్యాన్లు రిపేరు చేసే చిన్న షాపు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తాడు. వచ్చినప్పుడల్లా ఈ పని ఒకటి.

"ఐదు నిమిషాలండీ. ఇది పేర్చి పెట్టండి, వెళ్లిపోతాను. ట్రైను టైమవుతోంది."

"నిన్నా ఐదు నిమిషాలే అన్నావు. పప్పు మీద తెట్టు కట్టింది."

అంటూనే చాప మీద ముక్కలు పేర్చాడు. పక్కన విడిగా పెట్టిన ఒక ముక్కని తీసుకుని, రెండో వాక్యం తర్వాత పెట్టాడు.

"అక్కడెందుకు పెట్టారు?"

"అక్కడే కదా పడుతుంది. ఇంకెక్కడ పడుతుంది?"

ఆమె పెట్టుకున్న సమాధానమూ అదే. ఇంకోసారి గుచ్చి అడిగే ఓపిక లేదు. పొద్దున ఏలూరు బ్యాచ్‌కి గంటల కొద్దీ నిలబడి చెప్పి వచ్చింది, మళ్లీ తాడేపల్లిగూడెం వెళ్లాలి. కాగితం సంచిలో పడేసుకుని, నాలుగు ముద్దలు తిని, ఫ్యాన్ వేసి బయల్దేరింది.

ఆమె పని ఇది. బ్యాంకు పరీక్షలకి పిల్లల్ని తయారుచేసే కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీషు చెబుతుంది. ఆ పరీక్షల్లో ఒక రకం ప్రశ్న ఉంటుంది. ఒక పేరా ఇస్తారు. అందులో నుంచి ఒక వాక్యం తీసేసి పైన విడిగా రాస్తారు. పేరాలో అక్కడక్కడా ఖాళీలు పెడతారు. తీసేసిన వాక్యం ఏ ఖాళీలోది? చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. పరీక్ష హాల్లో గడియారం పరిగెడుతుంటే మాత్రం అన్ని ఖాళీల్లోనూ పట్టేసినట్టే కనిపిస్తుంది.

అందుకే తహసీన్ మొదటి క్లాసులోనే చెబుతుంది. "వాక్యానికి రెండు చేతులుంటాయి. ఒక చెయ్యి వెనక అయిపోయిన వాక్యాన్ని పట్టుకుంటుంది, ఇంకో చెయ్యి ముందు రాబోయే వాక్యాన్ని పట్టుకుంటుంది. 'అతను' అంటే ఎవరతను, వెనక ఉండాలి. 'దాంతో' అంటే దేంతో, వెనక ఉండాలి. 'అయితే' అంటే అంతకుముందు చెప్పినదానికి ఎదురు చెబుతోందని. 'ఆ ఇల్లు' అంటే ఆ ఇంటి గురించి ముందే చెప్పారని. చేతులు పట్టుకుని చూడండి. మీకు బయట తెలిసిన సంగతులు పక్కన పెట్టండి. కాగితం మీద ఏముందో అదే."

ఈ మాట ఎన్ని బ్యాచ్‌లకి చెప్పిందో ఆమెకే లెక్క లేదు.

తహసీన్ పుట్టిందీ పెరిగిందీ ఆకివీడులో. వాళ్ల నాన్న చేపల ప్యాకింగ్ వాళ్లకి ఐసు దిమ్మలు సప్లై చేసేవాడు. ఇంట్లో ఎప్పుడూ ఊక వాసన, తడి గోనె సంచులు. భీమవరంలో డిగ్రీ చదివింది. బ్యాంకులో కూర్చోవాలని ఎంత కోరికో! ప్రిలిమ్స్ దాటుతుంది, మెయిన్స్‌లో పోతుంది. మళ్లీ రాస్తుంది, మళ్లీ అంతే. ఈలోగా ఆకివీడు వాడే అయిన అర్షద్‌తో పెళ్లయింది, ఏలూరు వచ్చేసింది, వయసు దాటిపోయింది. తనకి రాని ఉద్యోగానికి ఇంకొకళ్లని తయారుచేస్తే తప్పేముందని కోచింగ్‌లో చేరింది. ఆమె చెప్పిన పిల్లలు ఇవాళ నిడదవోలులో, తణుకులో, ఇంకెక్కడెక్కడో బ్యాంకు కౌంటర్ల వెనక ఉన్నారు. కనబడితే లేచి నిలబడతారు. ఆమె మాత్రం చీటీ రాసి క్యూలో నిలబడుతుంది.

ఆమెకంటూ ఒక గర్వం ఉంటే అది ఆ కాగితాలు. బజార్లో దొరికే పుస్తకాల్లో పేరాలన్నీ పెంగ్విన్‌ల మీద, లండన్ మ్యూజియంల మీద ఉంటాయి. మన పిల్లలు సగం భయపడేది ఇంగ్లీషు చూసి కాదు, ఆ సంగతులు చూసి అని ఆమె నమ్మకం. అందుకని తనే రాసేది. రైస్ మిల్లు మీద ఒక పేరా, చేపల చెరువు మీద ఒకటి, ఏలూరు తివాచీల మీద ఒకటి. వారానికొకటి. ముక్కలు కోసి, కలిపేసి, అర్షద్ చేత పేర్పించి, కుదిరిందంటేనే క్లాసులో ఇచ్చేది.

ఆ కాగితాల మీదే ఇప్పుడు కత్తి వేలాడుతోంది.

సెంటర్ యజమాని బుచ్చిబాబు. మంచివాడే, కానీ ఫోన్‌లో ఏ కొత్త యాప్ చూసినా నిద్రపట్టదు. విజయవాడ నుంచి ఎవరో వచ్చి ఒక ప్యాకేజీ చూపించారు. వందల ప్రశ్నపత్రాలు, ప్రతి ప్రశ్నకీ వీడియో. అది కొంటే తాడేపల్లిగూడెం బ్యాచ్‌కి రోజూ మనిషి వెళ్లక్కర్లేదు. వారానికోసారి డౌట్లు చెప్పడానికి వెళితే చాలు.

"చూడండి మేడం గారూ," అన్నాడాయన పోయిన నెల. "మీ పేపర్లంటే నాకు గౌరవమేనండీ. కాకపోతే నలిగిన జిరాక్సులు, చేతిరాత. ఆ వీడియోలో అమ్మాయి చూడండి, కోటేసుకుంది. మీ పేపర్ల మీద ఒక్క కంప్లయింట్ రాకపోతే మనం పాత పద్ధతిలోనే వెళదాం. వచ్చిందా, ఇంక నన్నేమీ అనకండి."

కోటు సంగతి ఇంట్లో చెబితే అర్షద్ పడీపడీ నవ్వాడు. తహసీన్‌కి నవ్వు రాలేదు. గూడెం బ్యాచ్ పోతే రోజులో సగం పోయినట్టే. ఏలూరు పొద్దుటి క్లాసు ఒక్కటే మిగులుతుంది.

* * *

గూడెంలో సెంటరు మార్కెట్ యార్డు వైపు వెళ్లే రోడ్డులో, ఎరువుల షాపు పైన. కిటికీ తెరిస్తే తవుడు ధూళి, మూస్తే ఉక్క. ఆ రోజు తెరిచే ఉంచారు. పిల్లలు చొక్కాలు దులుపుకుంటూ పేపరు రాస్తున్నారు.

ప్రశ్నపత్రం ఇంగ్లీషులోదే. తెలుగులో చెబితే ఆ పేరా ఇంత. "వానాకాలంలో తమ్మిలేరు కొల్లేరులోకి నీళ్లు తెస్తుంది. (1) సరస్సులోంచి ఉప్పుటేరు ఆ నీళ్లని సముద్రానికి తీసుకుపోతుంది. (2) చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వానలు మొదలైనప్పటి నుంచీ ఈ రెండిటినీ ఓ కంట కనిపెడుతూనే ఉంటారు. (3) శీతాకాలంలో పక్షులొస్తాయి."

తీసేసిన వాక్యం: "ఈ ఏరు గుర్రపుడెక్క మొక్కలతో మూసుకుపోతే నీళ్లు పొలాల మీద పడతాయి."

రాయడం అయ్యాక తహసీన్ సమాధానం చెప్పింది. "రెండో ఖాళీ."

వెనక బెంచీలో రూబెన్ చెయ్యెత్తేశాడు, గెలిచినట్టు. కొల్లేరు లంక గ్రామం వాడు. వాళ్ల నాన్న చేపల చెరువు కాపలా. ప్రిలిమ్స్ దాటాడు, మెయిన్స్ దగ్గరపడుతోంది. కిందటేడు ఇంగ్లీషులోనే పోయింది. ఈ ఏడు మాత్రం తహసీన్ పేపర్లలో వాడిదే ఎప్పుడూ ఫస్టు. వాడొక్కడు బ్యాంకులో చేరితే తన కాళ్ల నొప్పులన్నీ తీరిపోతాయన్నట్టు చూసుకుంటుంది ఆమె.

"మేడం," అని లేచింది శాలిని. ద్వారకా తిరుమల అమ్మాయి. కొండ దగ్గర వాళ్లకి పూజాసామాన్ల కొట్టుంది. బస్సులో భీమడోలు వచ్చి అక్కడ రైలెక్కి వస్తుంది. పెద్దగా మాట్లాడదు. "ఒకటో ఖాళీ ఎందుకు కాదండీ?"

"ఏమ్మా, ఏం చూసి ఒకటి పెట్టావు?"

"'ఈ ఏరు' అంది కదండీ. మీరే అన్నారు, 'ఈ' అంటే దగ్గర్లో వెనక ఏముందో చూడమని. ఒకటో ఖాళీకి వెనక తమ్మిలేరు ఉందండీ."

రూబెన్ వెనకనుంచి అందుకున్నాడు. "తమ్మిలేరేంటి! ఉప్పుటేరు మూసుకుపోతేనే కదా పొలాలు మునిగేది. ఎవర్నడిగినా చెబుతారు."

"మాది కొండ ఊరు బాబూ. మాకు ఏరూ లేదు, డెక్కా లేదు. ఎవర్నడగను, వెంకన్నబాబునా?"

క్లాసంతా గొల్లుమంది. శాలిని నవ్వలేదు. "తమ్మిలేరు మూసుకుపోకూడదాండీ? మూసుకుపోతే గట్టు దాటి పొలాల మీద పడదా? పడదని ఇందులో ఎక్కడుందో చూపించండి మేడం, కొట్టేసుకుంటాను."

తహసీన్ కాగితం చేతిలోకి తీసుకుంది. చూపిద్దామనే తీసుకుంది. మూడో ఖాళీ కుదరదు, దానికి వెనక వాక్యంలో రెండు ఏర్లూ కలిపి ఉన్నాయి, 'ఈ ఏరు' అంటే ఒక్కటే. అంతవరకూ బాగానే ఉంది. ఒకటో ఖాళీలో పెట్టి చదివింది. తమ్మిలేరు నీళ్లు తెస్తుంది, ఈ ఏరు మూసుకుపోతే నీళ్లు పొలాల మీద పడతాయి, సరస్సులోంచి ఉప్పుటేరు తీసుకుపోతుంది. నడుస్తోంది. రెండోదాంట్లో పెట్టి చదివింది. అదీ నడుస్తోంది. వెనక చెయ్యి రెండు చోట్లా పట్టుకుంది. ముందు చెయ్యి ఎక్కడా దేన్నీ పట్టుకోలేదు.

కాగితాన్ని కాస్త దూరం పెట్టి మళ్లీ చదివింది. వాక్యాలేం మారలేదు.

"రేపు చెబుతాను తల్లీ," అంది.

క్లాసులో ఎవరో మెల్లగా "ఓయ్" అన్నారు. మేడం ఎప్పుడూ రేపు అనలేదు మరి.

* * *

తిరుగు ప్యాసింజర్‌లో సీటు దొరకలేదు. తలుపు దగ్గర నిలబడింది. పూళ్ల స్టేషన్ దాటేదాకా ఏమీ ఆలోచించలేదు, మడమలు లాగేస్తున్నాయి. తర్వాత మెల్లగా తట్టింది.

ఆకివీడులో వాళ్లింట్లో ఉప్పుటేరుని ఎవరూ ఉప్పుటేరు అనేవాళ్లు కాదు. 'ఏరు' అంతే. "ఏటికి డెక్క పట్టింది, ఈసారి మునుగుతాం" అనేవాడు నాన్న. ఏరంటే ఆ ఒక్కటే. ఈ పేరా రాస్తున్నప్పుడు 'ఈ ఏరు' అని రాయగానే ఆమె కళ్లముందు ఉన్నది ఉప్పుటేరే. కాగితం మీద ఉందో లేదో చూసుకోనే లేదు.

ఇంటికెళ్లి సంచి కింద పెట్టకుండానే అర్షద్‌ని అడిగింది. "మధ్యాహ్నం ఆ ముక్క అక్కడే ఎందుకు పెట్టారండీ? నిజం చెప్పండి."

"ఏరు కదా."

"ఏ ఏరు?"

"ఏ ఏరేంటి? ఏరు. మన ఏరు." అతను స్క్రూడ్రైవర్ ఆపి చూశాడు. "ఏం, తప్పా?"

"మీరూ నేనూ ఒక్క ఊరువాళ్లమండీ. మనకి కుదిరితే ఏంటి లాభం?"

ఇన్నాళ్లూ ఆమె పేపర్లన్నీ చూసి 'సరే' అన్నది ఈయనే. చేపల చెరువు మీద రాసినా, ఐసు మీద రాసినా, ఇద్దరికీ తెలియనిది అందులో ఏముంటుంది? కాగితం చదవకుండానే పేర్చేయగలడు. ఆ మాట పైకి అనలేదు. ఆయన అన్నం కూడా మానుకుని కూర్చునేవాడు పాపం.

* * *

మర్నాడు పొద్దున ఏలూరు క్లాసు అవగానే బుచ్చిబాబు గదికి వెళ్లింది. ఆయనకి అప్పటికే తెలుసు. క్లాసు గ్రూపులో ఎవరో పెట్టేశారు, ఏరు బొమ్మ వేసి, కింద ప్రశ్నార్థకం.

"ఏవండీ మేడం గారూ, ఏమిటండీ ఈ ఏరు గొడవ? నాకేమీ అర్థం కాలేదు, చదివితే రెండూ కరెక్టే అనిపిస్తోంది. మన ఏలూరుని తమ్మిలేరు ముంచలేదా ఏంటి!"

"అదేనండీ గొడవ."

"ఒక పని చెయ్యండి. కీ మార్చకండి. రెండోదే అని గట్టిగా చెప్పేయండి. మీరు గట్టిగా ఉంటే అది డౌటు, అంతే. తప్పని మీరే ఒప్పుకుంటేనే కంప్లయింటు." గొంతు తగ్గించాడు. "నాకూ ఆ ప్యాకేజీ అంటే పెద్ద ఇదేం కాదండీ. మీరు వెళ్లాలని నేనెందుకనుకుంటాను?"

నిజంగానే ఆయన దారి చూపిస్తున్నాడు. తహసీన్‌కి ఆ దారిలో కూర్చుండిపోవాలనిపించింది. గట్టిగా చెబితే అయిపోతుంది. శాలిని కూర్చుంటుంది. పిల్లలెవరూ రెండోసారి అడగరు.

"మధ్యాహ్నం చెబుతానండీ," అంది. ఆమెని తొలుస్తున్నది శాలిని కాదు. రూబెన్. వాడు రెండు అని ఎలా పెట్టాడు?

ఆ రోజు ట్రైనులో కూర్చోడానికి చోటు దొరికింది. ఒడిలో కాగితం పెట్టుకుని కొత్త పేరా ఒకటి రాసుకుంది. ఎక్కడో సముద్రం మధ్య దీవి. గూడెంలో దిగేసరికి అయింది. జిరాక్సు తీయించి క్లాసులో పంచింది.

"ముందు నిన్నటిది. శాలిని అడిగింది కరెక్టు. ఒకటి పెట్టినవాళ్లకీ, రెండు పెట్టినవాళ్లకీ మార్కు. తప్పు ప్రశ్నదే. అంటే నాదే."

చెప్పేశాక ఏమీ అవలేదు. తవుడు లోపలికొస్తూనే ఉంది. శాలిని తల దించుకుంది. రూబెన్ మాత్రం, "అదేంటి మేడం, నాది కరెక్టే కదా," అని గొణిగాడు.

"ఇది చెయ్యి చూద్దాం."

కొత్త పేరా తెలుగులో ఇలా ఉంటుంది. "ఆ దీవిలో దీపస్తంభాన్ని చూసుకోవడానికి ఒక కుటుంబాన్ని పెట్టారు. (1) రోజూ సాయంత్రం మెట్లెక్కి నూనె పోసి దీపం వెలిగించడం వాళ్ల పని. (2) కొన్నేళ్లకి దానంతటదే వెలిగే కరెంటు దీపం వచ్చింది. (3) ఇప్పుడు ఆ ఇంట్లోనే చిన్న మ్యూజియం నడుస్తోంది."

తీసేసిన వాక్యం: "దాంతో వాళ్లకి అక్కడ పని లేకుండా పోయి, ఉంటున్న ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు."

శాలిని మూడు అని రాసి పెన్ను పెట్టేసింది. ఇంకో నలుగురైదుగురూ అంతే. రూబెన్ చాలాసేపు చూశాడు. దీపస్తంభం ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది. చివరికి రెండు అని పెట్టాడు.

"ఎందుకు నాయనా?"

"రోజూ మెట్లెక్కాలి కదండీ, కష్టం. విసుగొచ్చి వెళ్లిపోయుంటారు."

"వెళ్లిపోయింది పని లేక అని రాసుంది కదా?"

"అంటే..." వాడు తల గోక్కున్నాడు. "మనవాళ్లయితే కష్టమనే పోతారండీ."

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. తహసీన్ కుర్చీలో కూర్చుంది. క్లాసు మధ్యలో ఆమె కూర్చోవడం ఎవరూ చూడలేదింతవరకూ.

ఇన్నాళ్లూ వాడు ఫస్టు రావడం ఇదన్నమాట. చెరువు మీద ఇస్తే చెరువు తెలుసు, చేపల మీద ఇస్తే చేపలు తెలుసు. వాడికి తెలియనిది ఆమె ఒక్కటీ ఇవ్వలేదు. పరీక్షలో కొల్లేరు ఎవడిస్తాడు? పిల్లల భయం పోగొడుతున్నాననుకుంది. భయంతో పాటు చదవడం కూడా పోయింది.

ఇంకో యాభై పేరాలు కావాలి వీడికి. ఎవరూ వినని ఊళ్లవి, ఎవరూ చూడని జంతువులవి. ఆమె చేతితో రాస్తే వారానికొకటి. మెయిన్స్ అంతవరకూ ఆగదు.

క్లాసు అవ్వగానే మెట్ల మీద నిలబడి బుచ్చిబాబుకి ఫోన్ చేసింది.

"ఆ ప్యాకేజీ తెప్పించేయండి బుచ్చిబాబు గారూ."

"తెప్పిస్తే గూడెం సంగతి తెలుసు కదండీ? ఆ రేటుకి రెండూ నేను భరించలేను."

"తెలుసండీ. పేపర్లు మాత్రం ఎల్లుండికల్లా పిల్లల చేతికి రావాలి."

"మీరు కోపంతో అనట్లేదు కదా మేడం?"

"కోప్పడే ఓపిక ఎక్కడుందండీ."

* * *

వారం తిరిగేసరికి గూడెం క్లాసులో గోడకి టీవీ బిగించారు. కోటేసుకున్న అమ్మాయి చకచకా చెప్పేస్తుంది, పిల్లలు చకచకా తల ఊపుతారు. తహసీన్ శుక్రవారం మాత్రం వెళుతోంది, డౌట్లకి. డౌట్లంటే చాలామందికి ఉండవు. ఉన్నవాళ్లకి వీడియో ఆపడం ఇష్టముండదు. పొద్దున ఏలూరు క్లాసు, మధ్యాహ్నం ఇల్లు. మొదటి రెండు మూడు రోజులు అర్షద్‌కి వేడన్నం దొరికింది. తర్వాత ఆమే షాపులో కూర్చుని మిక్సీ జార్లకి చీటీలు కట్టడం మొదలుపెట్టింది.

రెండో శుక్రవారం. గూడెం స్టేషన్‌లో ప్యాసింజర్ లేటు. సిమెంటు బెంచీ మీద కూర్చుని చెప్పులు విప్పి కాళ్లు ఆనించింది. రూబెన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. వాడి బస్సు అటువైపు, స్టేషన్లో వాడికేం పని లేదు.

"మేడం, ఇంతలో ఒకటి చూస్తారా? వీడియోలో మూడన్నారు. ఎందుకో చెప్పేలోపు తర్వాత ప్రశ్నకి వెళ్లిపోయింది."

మంచు నదుల మీద పేరా అది. వాడి జన్మలో మంచు చూసి ఉండడు, ఆమె కూడా చూడలేదు. ఒకప్పుడు మంచు నది కొండ లోయలో మెల్లగా కదిలేదట. ఇప్పుడు ఎండలు పెరిగి కరిగిపోతోందట. తీసేసిన వాక్యం, "అలా ఏర్పడిన చెరువుల్లో కొన్ని గట్టు తెగి కింది ఊళ్ల మీద పడ్డాయి."

"చెరువు గట్టు తెగడం నీకు తెలుసు," అంది తహసీన్. "అది మర్చిపో. వాక్యం చూడు. ఏం అడుగుతోంది?"

రూబెన్ వేలు పెట్టి చదివాడు. పెదాలు కదులుతున్నాయి. చాలాసేపు పట్టింది. పక్కన శనక్కాయలమ్మే ఆవిడ కూడా వాడివంకే చూస్తోంది.

"'అలా ఏర్పడిన' అంది. ఎలా ఏర్పడినవో వెనక ఉండాలి." వేలు మెల్లగా కిందికి జరిపాడు. "ఇక్కడుందండీ. కరిగిన నీళ్లు గుంటల్లో నిలిచి చెరువులయ్యాయని. దీని తర్వాత ఖాళీ... మూడు."

"ఒక చెయ్యి అయింది. ఇంకోటి?"

"ముందుదాండీ?" మళ్లీ చదివాడు. "'ఆ వరదల తర్వాత' అని మొదలైంది. వరదలు ఇంతకుముందు ఎక్కడా లేవు. గట్టు తెగితేనే కదండీ వరద. మన వాక్యం పెడితేనే అది నిలబడుతుంది." తలెత్తి చూశాడు. "కరెక్టేనాండీ?"

"నన్నడుగుతావేం? కాగితం ఏమంటోంది?"

"కరెక్టనే అంటోంది."

"మరింకేం."

రైలు వస్తున్నట్టు అనౌన్స్ చేశారు. జనం లేచి ముందుకి కదిలారు. తహసీన్ చెప్పుల్లో కాళ్లు దూర్చుకుని లేచింది. రూబెన్ ఇంకా బెంచీ మీదే కూర్చుని, పేజీ తిప్పి, తర్వాత ప్రశ్న మీద వేలు పెట్టాడు.

"ఇంకోటి చెయ్యనాండీ? మీ బండి కదిలేదాకా."

"చదువు," అంది ఆమె, మళ్లీ కూర్చుంటూ. "పైకి చదువు."